మీరు కట్టిన పేపర్ మార్కులను ఎంతవరకు నమ్మొచ్చు?

కోంటాలోనో, భోపాలపట్నంలోనో, జగదల్‌పూర్‌లోనో బడిలో పనిచేసే తెలుగు టీచర్లు పేపర్ సొంతంగా కట్టి, సొంతంగా దిద్ది, మార్కులు రిజిస్టర్‌లోకి ఎక్కిస్తారు. ఒకరికి 8, ఒకరికి 6 వచ్చాయంటే ఆ తేడా పిల్లల చదువులో ఉందా, లేక మన ప్రశ్నల్లో ఉందా అని తేల్చుకునే దారి ఒకటుంది. బి.ఎడ్.లో విశ్వసనీయత పాఠం కింద అందరం చదివిందే. బడిలో చేరాక దాన్ని మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ. స్ప్రెడ్‌షీట్ ఉన్న ఫోన్ చేతిలో ఉంటే ఒక తరగతికి ఈ లెక్క పెద్ద పనేమీ కాదు.

అసలు ఆలోచన సులువైనది. ఒకే పాఠం మీద పది ప్రశ్నలు అడిగితే, పాఠం వచ్చిన పిల్లకు వాటిలో ఎక్కువ రావాలి, రాని పిల్లకు తక్కువ రావాలి. అంటే ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు లాగాలి. అలా లాగితే మొత్తం మార్కులు పిల్లల మధ్య బాగా విడిపోతాయి. ఒక్కో ప్రశ్న ఒక్కో దిక్కుకు లాగితే ఒకదాని తేడాను మరొకటి చెరిపేసి, మార్కులన్నీ మధ్యలో గుంపు కడతాయి. దీన్నే అంతర్గత స్థిరత్వం అంటాం. సరి తప్పుల ప్రశ్నలకు దీని సూత్రాన్ని కూడర్, రిచర్డ్‌సన్ 1937లో ఇచ్చారు. వాళ్ల వ్యాసంలో అది ఇరవయ్యో సూత్రం కాబట్టి కె.ఆర్.-20 అన్న పేరు నిలిచింది. రెండు, ఐదు మార్కుల ప్రశ్నలకు కూడా పనికొచ్చే ఆల్ఫా మీద క్రాన్‌బాక్ వ్యాసం 1951లో వచ్చింది. పేపర్‌ను బేసి, సరి ప్రశ్నలుగా రెండు ముక్కలు చేసి పోల్చే అర్ధవిచ్ఛేద పద్ధతి అంతకన్నా పాతది. కానీ ముక్కలు చేసే తీరు మారితే అందులో విలువ కూడా మారిపోతుంది. ఆ చిక్కు లేదు కాబట్టి తరగతి పేపర్‌కు ఆల్ఫా మేలు.

లెక్క చూపడానికి ఒక నమూనా పేపర్ కట్టాను. ఏడో తరగతి సాంఘిక శాస్త్రం, నదుల పాఠం, పది బహుళైచ్ఛిక ప్రశ్నలు, పదిమంది పిల్లలు. పదిమందితో వచ్చే విలువ గట్టిగా నిలవదు, కనీసం ముప్ఫై మంది పేపర్లుంటే మంచిది. ఇక్కడ చిన్న అంకెలు తీసుకున్నది మీరు కాగితం మీద సరిచూసుకోవడానికే.

షీట్‌లో మొదటి నిలువు వరుసలో పేర్లు, B నుంచి K దాకా పది ప్రశ్నలు, L లో మొత్తం. సరైతే 1, తప్పైతే 0, వదిలేస్తే కూడా 0. పిల్లలు 2 నుంచి 11 దాకా అడ్డు వరుసల్లో ఉంటారు. కింద 12వ వరుసలో ఒక్కో ప్రశ్న విస్తృతి, అంటే వేరియన్స్, కట్టాలి. మొదటి రెండు సూత్రాలు L2, B12 గడులవి. వాటిని కిందికి, పక్కకు లాగితే మిగతావి నిండుతాయి. మూడోది ఏదైనా ఖాళీ గడిలో వేయండి.

```
=SUM(B2:K2)
=VAR.P(B2:B11)
=(10/9)*(1-SUM(B12:K12)/VAR.P(L2:L11))
```

1, 0 మార్కులకు ఇది కె.ఆర్.-20 అవుతుంది, రెండు మూడు మార్కుల ప్రశ్నలకు అదే ఆల్ఫా అవుతుంది. రెంటికీ ఒకే సూత్రం చాలు. 10, 9 అన్నవి ప్రశ్నల సంఖ్య, దానికి ఒకటి తక్కువ. పైనా కిందా ఒకే రకం విస్తృతి వాడటం ముఖ్యం. ప్రశ్నలకు సరి తప్పుల నిష్పత్తులు గుణించి, మొత్తానికి మాత్రం VAR.S వేస్తే విలువ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. మన నమూనాలోనే 0.45 రావాల్సిన చోట 0.52 వస్తుంది.

పిల్లలకు వచ్చిన మొత్తాలు ఇవి: 9, 8, 8, 7, ఐదుగురికి 6, ఒకరికి 2. సగటు 6.4, మొత్తాల విస్తృతి 3.24. పది ప్రశ్నల విస్తృతులు కూడితే 1.92. సూత్రంలో వేస్తే 0.45 వచ్చింది. తరగతి పరీక్షకు 0.6, 0.7 దగ్గర ఉంటే సర్దుకుపోవచ్చు. 0.45 తక్కువే. ప్రామాణిక విచలనం 1.8 కాబట్టి, ఒక్కో పిల్ల మార్కులో ఉండే దోషం దాదాపు 1.3 మార్కులు. 6 వచ్చిన పిల్లకు, 7 వచ్చిన పిల్లకు మధ్య తేడా ఉందని ఈ పేపర్ పట్టుకుని చెప్పలేం. ర్యాంకులు అసలే వేయకూడదు.

ఇక్కడ చాలామంది పిల్లల మీద పడతారు, శ్రద్ధ లేదనో ఊహించి రాశారనో అంటారు. అది తొందరపాటు. ఆ విలువ మొదట చెప్పేది పేపర్ గురించి. ప్రశ్నలను ఒక్కొక్కటిగా విప్పి చూశాకే పిల్లల మాట ఎత్తాలి.

నమూనాలో ఎనిమిదో ప్రశ్న: ఇంద్రావతి ఏ నదిలో కలుస్తుంది? ఏడు, ఆపైన వచ్చిన నలుగురిలో ఒక్కరికీ దీనికి మార్కు లేదు. మార్కు వచ్చిన నలుగురికీ మొత్తం 6, అంతకన్నా తక్కువ. బాగా చదివేవాళ్లంతా తప్పి, మిగతావాళ్లకు మాత్రం సరైందంటే ముందు కీ చూడాలి. చూస్తే గోదావరి అని ఉండాల్సిన చోట కీలో మహానది పడి ఉంది. ఇంద్రావతి భోపాలపట్నం ప్రాంతంలో భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ పెద్ద నది అనగానే మహానది గుర్తొచ్చే పిల్లలు అది గుర్తు పెట్టారు, కీ వాళ్లకు మార్కు వేసింది.

కీ సరిచేసి ఆ ఒక్క ప్రశ్నే మళ్లీ దిద్దితే మొత్తాల విస్తృతి 6.45కు పెరిగింది, ప్రశ్నల విస్తృతుల మొత్తం 1.93 దగ్గరే ఉంది. విలువ 0.78 అయింది. కీ సరిచేయకుండా, ఇదే నాణ్యత ప్రశ్నలు కలుపుతూ 0.70కి చేరాలంటే, స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం దాదాపు 28 ప్రశ్నలు కావాలి. ప్రశ్నలు పెంచితే విశ్వసనీయత పెరుగుతుందన్న మాట నిజమే, కానీ అది కీ, వాక్యాలు సరిచూసుకున్నాక చేసే పని. విలువ సున్నా కన్నా కిందికి, అంటే రుణ సంఖ్యగా వస్తే ఇంకేం ఆలోచించకుండా కీ తీయండి, లేదా 1, 0 ఎక్కించడంలో తిరగబడిందేమో చూడండి.

తొమ్మిదో ప్రశ్న చిక్కు వేరు. ‘నిమ్నలిఖిత్ మే సే కౌన్‌సా కథన్ అసత్య నహీఁ హై’ అని అడిగింది. అసత్యం కానిది ఏది అన్నమాట. ఇంట్లో దోర్లీయో హల్బీయో తెలుగో మాట్లాడే పిల్లకు నది గురించి తెలిసినా ఈ రెండు కాదుల దగ్గర ఆగిపోతుంది. కీ సవరించాక చూస్తే, ఈ ప్రశ్న సరిగా రాసిన ఐదుగురికి మిగతా తొమ్మిది ప్రశ్నల్లో సగటు 6. తప్పు రాసిన ఐదుగురికీ సగటు 6. అంటే ఈ ప్రశ్నకు విచక్షణా శక్తి లేదు, బొమ్మా బొరుసూ వేసినట్టే. దీన్ని తీసేస్తే తొమ్మిది ప్రశ్నలతోనే విలువ 0.82 అవుతుంది. అయితే పాఠంలో ఆ అంశం అవసరమైనదే అనుకోండి, అప్పుడు ప్రశ్నను తీసేయకండి, వాక్యం మార్చండి. ‘వీటిలో ఏది నిజం’ అని అడిగితే చాలు.

పదో ప్రశ్న: చిత్రకోట్ జలపాతం ఏ నది మీద ఉంది? పదిమందికీ సరైంది, దాని విస్తృతి సున్నా. విలువకు అది పెద్దగా ఏమీ కలపదు, అందుకని చెడ్డ ప్రశ్న అనకూడదు. పాఠం అందరికీ వచ్చిందని అది చెబుతోంది. ఇలాంటి ప్రశ్నలే ఎక్కువున్న యూనిట్ టెస్ట్‌లో, అందరికీ 9, 10 వచ్చిన తరగతిలో, ఆల్ఫా తక్కువే వస్తుంది. అక్కడ తక్కువ విలువ లోపం కాదు, పిల్లల మధ్య తేడా లేదన్న వార్త మాత్రమే. అందుకే విలువ చెప్పేటప్పుడు సగటు, ప్రామాణిక విచలనం పక్కన పెట్టుకుని చదవాలి. అలాగే ఒకే పేపర్‌లో నదులు, రాజ్యాంగం, గ్రాఫులు కలిపి అడిగితే ప్రశ్నలు ఒకదానికొకటి అంతగా కలవవు. అప్పుడు భాగాలుగా విడివిడిగా లెక్క కట్టడం న్యాయం.

లెక్కే కట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. ‘ఏవైనా మూడు రాయండి’ అన్న భాగంలో ఒక్కో పిల్ల ఒక్కో ప్రశ్న రాస్తుంది కాబట్టి ఈ సూత్రం అక్కడ పనిచేయదు. టైం చాలక చివరి ప్రశ్నలు చాలామంది వదిలేస్తే, ఆ సున్నాలన్నీ ఒక్కటై విలువను ఉత్తినే పెంచుతాయి. చివరి మూడు నాలుగు ప్రశ్నలను ఎంతమంది వదిలేశారో ముందు పేపర్లలో లెక్కపెట్టండి.

బస్తర్ టీచర్లు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఎక్కువ విలువ దగ్గరే అని నా అభిప్రాయం. తరగతిలో సగం మంది బజారులో హిందీ వింటూ పెరిగినవాళ్లు, సగం మంది బడికి వచ్చాకే హిందీ మొదలుపెట్టినవాళ్లు అనుకుందాం. పది ప్రశ్నలూ పొడుగాటి హిందీ వాక్యాలే అయితే అన్నీ ఒకే దిక్కుకు లాగుతాయి, ఆల్ఫా 0.85 కూడా రావచ్చు. ఆ పేపర్ స్థిరంగా కొలిచింది హిందీ చదవడాన్ని, నదుల పాఠాన్ని కాదు. విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదు. ఈ తేడాను ఏ సూత్రమూ పట్టివ్వదు. అనుమానం వస్తే అవే ప్రశ్నలు ఇద్దరు ముగ్గురు పిల్లలను వాళ్ల ఇంటి భాషలో నోటితో అడగండి. నోటితో చెప్పినవి పేపర్‌లో తప్పి ఉంటే ప్రశ్న భాష మార్చాల్సిందే.

ఇప్పటికే ఇచ్చేసిన మార్కుల సంగతి: కీ తప్పుంటే మళ్లీ దిద్ది కొత్త మార్కులే రిజిస్టర్‌లో వేయండి, ఎవరికి తగ్గినా పెరిగినా కారణం తరగతిలో చెప్పండి. భాష తిరకాసున్న ప్రశ్నను అందరికీ రద్దు చేయండి. ఆ తర్వాత కూడా విలువ 0.5 దాటకపోతే ఆ ఒక్క పేపర్ మీద ఏ పిల్లనూ వెనకబడినవాళ్ల జాబితాలో పెట్టకండి, మరో రెండు పరీక్షల మార్కులు కలిపి చూడండి. వీటిలో ఏది చేయాలన్నా ప్రశ్నవారీ మార్కులు కావాలి. రిజిస్టర్‌లో మొత్తం ఒక్కటే ఉంటే ఈ లెక్క సాధ్యం కాదు, కాబట్టి వచ్చే యూనిట్ టెస్ట్ దిద్దేటప్పుడు ఒక్కో ప్రశ్నకు 1, 0 విడిగా రాసిపెట్టుకోండి.