మూడు చప్పట్లతో ఇంగ్లిష్ లయ



లిజనింగ్ టెస్ట్‌లో ఒక అమెరికన్ గొంతు "ఐ క్యాంట్ కమ్ టుమారో" అంది. మా ఆరో తరగతి అబ్బాయి ఒకడు "రేపు వస్తాను" అని అర్థం రాశాడు. చివరి 'ట్' వినపడలేదు, నిజమే. కానీ తేడా తెలిసేది ఆ 'ట్' వల్ల కాదు, లయ వల్ల.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇదే చిక్కు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా ఉంటుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లిష్‌లో అర్థం మోసే మాటలను నొక్కి పలికి, చిన్న మాటలను వాటి మధ్య ఇరికించేస్తారు.

పాఠం ఇలా సాగుతుంది. బోర్డు మీద "కిడ్స్ ఈట్ రైస్" అని రాస్తాను. మాటకొక చప్పట్టు. ఆ తర్వాత "ద కిడ్స్ ఈట్ ద రైస్", "ద కిడ్స్ ఆర్ ఈటింగ్ ద రైస్", చివరికి "ద కిడ్స్ హావ్ బీన్ ఈటింగ్ ద రైస్". పలికే ముక్కలు మూడు నుంచి ఎనిమిదయ్యాయి. చప్పట్లు మాత్రం అవే మూడు, అదే వేగంతో. అందుకని 'హావ్' కాస్తా 'అవ్' అయిపోతుంది, 'ద' అన్నామా లేదా అన్నట్టు ఉంటుంది.

ఇక్కడే పిల్లలు తప్పటడుగు వేస్తారు. వాక్యమంతా గబగబా చదివేస్తారు! పసిగట్టడం తేలికే. నాలుగో వాక్యంలోనూ 'రైస్' మొదటి వాక్యంలో ఉన్నంత నిడివిగా వినపడాలి. అదీ కుంచించుకుపోతే అది లయ కాదు, పరుగు. అప్పుడు మళ్లీ మొదటి వాక్యానికి వెళ్తాం.

ఒక మాట చెప్పాలి. యంత్రంతో కొలిస్తే ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల మాటల్లోనూ నొక్కుల మధ్య ఎడం కచ్చితంగా సమానంగా ఉండదు. చప్పట్లు చెవికి పట్టు దొరకడానికే. అది దొరికాక మానేస్తాం.

ఇప్పుడు ఆ అబ్బాయి వాక్యానికి వద్దాం. "వస్తాను" అనేటప్పుడు నొక్కు 'కమ్' మీదే పడుతుంది, 'క్యాన్' నలిగి 'కన్' అవుతుంది. "రాలేను" అనేటప్పుడు 'క్యాంట్' కూడా నిండుగా వినపడుతుంది. నేను గోడవైపు తిరిగి రెండింటిలో ఏదో ఒకటి చెబుతాను. వస్తానని వినిపిస్తే చెయ్యెత్తాలి. మొదటి రోజు సగం చేతులు తప్పుగా లేచాయి. ఇందులో మరో ప్రమాదమూ ఉంది. మన పిల్లలు 'క్యాన్'ను నిండుగా నొక్కి "వస్తాను" అంటే, అవతలివాళ్లకు "రాలేను" అని వినపడవచ్చు.

అందుకే ఇంట్లో పిల్లలు ఇంగ్లిష్ చదువుతుంటే "ప్రతి మాటా ఒత్తి చదువు" అనకండి. అమెరికన్ యాసా అక్కర్లేదు. చదివిన వాక్యంలో ఏ మాటలకు చప్పట్టు పడుతుందో అడగండి, చాలు.