వార్షిక సమావేశం స్లైడ్లలోని ముఖ్యాంశాలు: పదో తరగతిలో 80, 20 మార్కుల లెక్క



కరీంనగర్‌లో జరిగిన వార్షిక సమావేశానికి రాలేకపోయిన వారి కోసం, ఎక్కువ మంది అడిగిన స్లైడ్ల సారాంశం ఇది.

మొదటి స్లైడ్: ఎస్సెస్సీలో ప్రతి సబ్జెక్టుకు 100 మార్కులు. పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20. బడిలో జరిగే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల సగటే ఇంటర్నల్ మార్కు. ప్రతి ఫార్మేటివ్‌లో తరగతిలో పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టుకు ఐదేసి మార్కులు.

రెండో స్లైడ్: పాస్ కావడానికి మొత్తం 35 రావాలి. అందులో పబ్లిక్ పరీక్షలోనే కనీసం 28 ఉండాలి. (హిందీకి మొత్తం 20, పరీక్షలో 16 చాలు.)

మూడో స్లైడ్‌లో ఒక ఉదాహరణ. గణితంలో ఒక విద్యార్థికి ఫార్మేటివ్‌లలో 19, 20, 18, 19 వచ్చాయనుకుందాం. సగటు 19. పరీక్షలో 26 వస్తే మొత్తం 45. అయినా ఫెయిల్! ఇంటర్నల్ 12, పరీక్షలో 28 వచ్చిన విద్యార్థి 40తోనే పాస్.

అందుకే ప్రీఫైనల్ జవాబు పత్రాలు ఇంటికి వచ్చినప్పుడు ఇంటర్నల్ కలపకుండా, 80కి ఎన్ని వచ్చాయో చూడండి. ఏ సబ్జెక్టులోనైనా 35 దాటకపోతే వెంటనే సబ్జెక్టు టీచర్‌ను కలవండి. 28కి దగ్గరగా ఉన్నవారికి ఒక్క ప్రశ్న తప్పినా ఇబ్బందే.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్