తాతయ్యకి ఉత్తరం: నాలుగుసార్లు రాసిన కథ

పిల్లలూ, ఈ పాఠంలో ఒక చిన్న ఉత్తరాన్ని నాలుగుసార్లు చూద్దాం. మా క్లాసులో ఒక అమ్మాయి తెనాలిలో ఉన్న వాళ్ల తాతయ్యకి రాసింది. ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. తెలుగులో తాతయ్యకి ఉత్తరం రాయడం తనకి అదే మొదటిసారి. పాత ఉత్తరాల పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టింది.

మొదటిసారి:
“పూజ్యులైన తాతయ్యగారికి నమస్కరించి వ్రాయునది. మీ నేత్ర చికిత్స విజయవంతముగా జరిగినదని తెలిసి మిక్కిలి సంతోషించితిని. మీరు విశ్రాంతి తీసుకొనవలెను. మేము జూన్ మాసమున వచ్చుచున్నాము.”

వాళ్లమ్మ చదివి, “ఇదేంటే, ఆఫీసు కాగితంలా ఉంది!” అంది. పాపకి కోపం వచ్చింది. మొత్తం కొట్టేసి మళ్లీ రాసింది.

రెండోసారి:
“హాయ్ తాతయ్యా! నీ కంటి ఆపరేషన్ అయిపోయిందంట కదా, సూపర్! రెస్ట్ తీసుకో. జూన్‌లో వస్తున్నాం. బై!”

ఈసారి అమ్మ, “తాతయ్యకా, నీ ఫ్రెండ్‌కా ఇది?” అంది. పాప నా దగ్గరికొచ్చి, “టీచర్, ముందు ఎక్కువైందన్నారు, ఇప్పుడు తక్కువైందన్నారు. మధ్యలో ఎక్కడ ఆగాలి?” అని అడిగింది.

మంచి ప్రశ్నే. కానీ ఇక్కడ “మధ్య” అనేది ఒక్కటి కాదు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో “వ్రాయునది, జరిగినది, వచ్చుచున్నాము” అన్నవి పాతకాలపు పుస్తకాల మాటలు. వీటిని గ్రాంథికం అంటారు. (మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి గారి పుట్టినరోజు, ఆగస్టు 29, మనకి తెలుగు భాషా దినోత్సవం.) అమ్మకి నచ్చనివి ఇవే. “మీ, మీరు” మాత్రం గ్రాంథికం కాదు, మర్యాద. ఈ రోజుకీ అందరూ ఫోన్‌లో అనే మాటలే. పాప రెండూ ఒకటే అనుకుని, గ్రాంథికంతో పాటు మర్యాదని కూడా తీసేసింది. అందుకే రెండో మాట పడింది.

అందుకని మేం రెండు కాగితాల నుంచీ ఏరుకున్నాం. మొదటిదాంట్లోంచి “మీరు”, నమస్కారం. రెండోదాంట్లోంచి “ఆపరేషన్, వస్తున్నాం”. “నేత్ర చికిత్స” అని తాతయ్య కూడా అనరు, ఆయనా ఆపరేషన్ అనే అంటారు. ఇంగ్లీషు మాట ఉంటే మర్యాద పోదు. మొదటి కాగితం చింపెయ్యకుండా దాచుకున్నందుకే ఈ పని సులువైంది.

మూడోసారి:
“తాతయ్యా, నమస్కారం. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ చెప్పింది. నాకు చాలా సంతోషం వేసింది. మీరు రెస్ట్ తీసుకోండి. మేం జూన్‌లో వస్తున్నాం.”

అమ్మ ఈసారి “బాగుంది కానీ... ఎక్కడో కొంచెం...” అని ఆగిపోయింది. ఇలాంటప్పుడు మళ్లీ మొత్తం రాయకండి. “ఏ మాట దగ్గర ఆగావమ్మా? దానికింద గీత గియ్యి” అని అడగండి. అమ్మ “రెస్ట్ తీసుకోండి” కింద గీసింది. “అండి” ఉంది కదా, మర్యాద లేదా? ఉంది. అయినా చిన్నపిల్ల పెద్దాయనకి పని చెప్పినట్టుంది, డాక్టర్ గారిలాగా! దాన్ని ప్రశ్నగా మార్చాం: “రెస్ట్ తీసుకుంటున్నారా?” ఆ ఒక్క వాక్యమే మార్చాం, మిగతావి ముట్టుకోలేదు. అదే నాలుగో ఉత్తరం. దాన్నే పోస్ట్ చేశారు.

రాసింది మీరే సరిచూసుకోవాలంటే పైకి చదవండి. ఫోన్‌లో తాతయ్యతో ఆ వాక్యం అనగలరా? నోరు తిరగకపోతే గ్రాంథికం ఎక్కువైంది. అదే వాక్యం ఒక్క అక్షరం మారకుండా మీ తమ్ముడితో అనగలిగితే, అందులో మర్యాద ఉందో లేదో చూసుకోండి. “జూన్‌లో వస్తున్నాం” లాంటివి ఎవరితోనైనా అనొచ్చు. “నీ, తీసుకో” ఉన్నచోటే ఆగాలి.

ఒక్క జాగ్రత్త. చాలా ఇళ్లలో అమ్మమ్మని “నువ్వు” అనే పిలుస్తారు, కొన్ని ఇళ్లలో తాతయ్యని కూడా. అది మర్యాద లేకపోవడం కాదు, ఆ ఇంటి అలవాటు. అక్కడ “మీరు” అని రాస్తే అమ్మమ్మ “నామీద అలిగావా?” అంటుంది! రాసేముందు మీ ఇంట్లో ఏమంటారో అడగండి.

అభ్యాసం: “పెదనాన్నగారూ, తమరు పంపిన ఆవకాయ మాకు అందినది. మరల పంపవలెను.” ఇందులో గ్రాంథికం ఏది, మర్యాద ఏది? రెండు రంగుల పెన్సిళ్లతో గీత గీసి, మళ్లీ రాయండి. రెండో వాక్యం దగ్గర కొంచెం ఆలోచించండి, ఆవకాయ మళ్లీ కావాలి కదా!