మంచు కొండ మీద ఏ బట్టలు, ఏ రంగులు

ప్రశ్న: డిసెంబరులో పాడేరు దగ్గరి వంజంగి కొండకు సూర్యోదయం చూడటానికి వెళ్లేవారికి మందపాటి జాకెట్ ఒక్కటి సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వంజంగి ఎక్కడం తెల్లవారకముందే చలిలో మొదలవుతుంది. కానీ నాలుగు అడుగులు వేసేసరికి ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. మందపాటి జాకెట్ ఆ చెమటను లోపలే ఆపేస్తుంది. పైకి చేరి మేఘాల కోసం కూర్చున్నాక, తడిసిన బట్టకు గాలి తగిలి ఒంట్లో వేడిని లాగేస్తుంది. అసలు వణుకు పుట్టేది అప్పుడే.

ఒక్క మందపాటి జాకెట్ కన్నా మూడు పలుచని పొరలు మేలు. ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు ఉండాలి. నూలు బట్ట చెమటను పీల్చుకుని చాలాసేపు తడిగానే ఉంటుంది. టీషర్టు మీద ఉన్ని స్వెటరు, ఆ పైన గాలిని ఆపే విండ్‌చీటర్. ఎక్కేటప్పుడు స్వెటరు బ్యాగులోనే ఉండాలి. బయల్దేరిన మొదటి కొద్ది నిమిషాలు కాస్త చలి వేస్తే బట్టలు సరిగ్గా ఉన్నట్టే. మెడ, వీపు తడుస్తున్నట్టు తెలిస్తే వెంటనే విండ్‌చీటర్ జిప్పు తీయాలి. పైకి చేరగానే, ఒళ్లు చల్లారకముందే, తడి టీషర్టు మార్చి స్వెటరు వేసుకోవాలి. ఎండ ఎక్కాక, దిగేటప్పుడు, ఇవే పొరలు ఒక్కొక్కటిగా బ్యాగులోకి వెళ్తాయి.

ప్రశ్న: అక్కడ ఫొటోల్లో ఏ రంగులు బాగుంటాయి?

జవాబు: వెనక ఉండేది తెల్లటి మేఘం, నీలిబూడిద కొండ. తెలుపు, బూడిద, లేత నీలం బట్టలు అందులో కలిసిపోతాయి. ఆవపిండి పసుపు, మెరూన్, ఇటుక ఎరుపు విడిగా కనిపిస్తాయి. మెరిసే నియాన్ రంగులు మాత్రం వద్దు. వాటి ఛాయ గడ్డం కింద పడి ముఖం రంగు మారుతుంది.

రంగుతో పాటు వెలుగునూ చూసుకోవాలి. ఆవపిండి పసుపు విండ్‌చీటర్ వేసుకున్న మనిషి సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే, ఫోను ప్రకాశవంతమైన మేఘాన్ని బట్టి వెలుగు తగ్గిస్తుంది. మనిషి నల్లటి నీడగా మారతాడు, పసుపు కనిపించదు. అలాంటి ఫొటోలో ఆకారమే మిగులుతుంది కనుక వదులు జాకెట్ మూటలా కనిపిస్తుంది. కాస్త పక్కకు తిరిగి, వెలుగు చెంప మీద పడేలా నిలబడితే రంగూ ముఖమూ రెండూ వస్తాయి.

చీరలో ఫొటో కావాలనుకునేవారు ఎక్కేటప్పుడు చీర కట్టకపోవడమే మంచిది. తడి గడ్డిలో కుచ్చిళ్లు బరువెక్కి కాళ్లకు అడ్డం పడతాయి. చీరకు బదులు మెరూన్ రంగు ఉన్ని శాలువా ఒకటి ఉంటే చలికీ ఫొటోకీ సరిపోతుంది.

ప్రశ్న: జీన్స్, చెప్పులతో ఎక్కవచ్చా?

జవాబు: జీన్స్ మంచుకు తడిస్తే బరువెక్కి మోకాళ్ల దగ్గర పట్టేస్తుంది, త్వరగా ఆరదు. సాగే గుణమున్న ట్రాక్ ప్యాంటు నయం. తడి మట్టి మీద, ముఖ్యంగా దిగేటప్పుడు, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. లోతైన గాళ్లున్న బూట్లు, బ్యాగులో ఒక జత పొడి సాక్సులు తప్పనిసరి.