డైలాగ్ లేట్‌గా వస్తోందా? ఆడియో డిలే పెంచితే ఇంకా లేట్ అవుతుంది!

పోయిన ఆదివారం తగరపువలసలో మా మావయ్య వాళ్లింటికి వెళ్లా. కొత్త సౌండ్‌బార్ కొన్నారు. సినిమాలో హీరో నోరు మూశాక డైలాగ్ వినిపిస్తోంది! "ఆడియో డిలే అని ఉంటే 200 పెట్టాన్రా, ఇంకా ఎక్కువైంది" అన్నారు మావయ్య.

ఎక్కువవుతుంది మరి. ఆ సెట్టింగ్ చేసే పని ఒక్కటే, సౌండ్‌ని కాసేపు ఆపి వదలడం. లేట్‌గా వచ్చే సౌండ్‌ని అది ముందుకు లాగలేదు. చాలా సౌండ్‌బార్లలో 0 కంటే కిందకి వెళ్లదు కూడా.

ముందు టెస్ట్ సరిగ్గా చేయాలి. డబ్బింగ్ సినిమా పెట్టుకుని చూస్తే పెదాలు ఎలాగూ కలవవు, మీరు సెట్టింగ్స్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. అందుకే ఫోన్‌లో నేను చప్పట్లు కొట్టే వీడియో తీసి, పెన్‌డ్రైవ్‌లో టీవీకి పెట్టా. చేతులు కలిసిన క్షణానికే చప్పుడు రావాలి.

డిలే 0 చేశాక తేడా తగ్గింది కానీ పోలేదు. కారణం, బార్‌ని బ్లూటూత్‌తో కలిపారు. టీవీ సౌండ్‌ని కుదించి పంపాలి, బార్ దాన్ని కొంత నిల్వ చేసుకుని విప్పాలి. దీనికే 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోవడం మామూలే. బాక్స్‌లో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌ని టీవీలో ARC అని రాసున్న పోర్టుకి పెట్టి, సౌండ్ అవుట్‌పుట్ కూడా ARCకి మార్చా. డిజిటల్ ఆడియో ఫార్మాట్ PCM చేశా. మామూలు ARCలో PCM అంటే స్టీరియోనే, 5.1 రాదు. మావయ్యది రెండు ఛానెళ్ల బారే కాబట్టి నష్టం లేదు.

ఇప్పుడు కథ తిరగబడింది, చప్పుడు కాస్త ముందే వస్తోంది! టీవీ బొమ్మని మెరుగుపరచడానికి టైమ్ తీసుకుంటోంది. ఆడియో డిలే అసలు ఉన్నది దీనికే. 10 చొప్పున పెంచుతూ పోతే 40 దగ్గర కుదిరింది. ఐటీయూ లెక్క ప్రకారం సౌండ్ 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనం పట్టేస్తాం, వెనకబడితే మాత్రం సుమారు 125 దాకా గమనించం. ఒక్క మాట, గేమ్ మోడ్ ఆన్ చేస్తే బొమ్మ త్వరగా వస్తుంది, ఆ 40 మళ్లీ తగ్గించాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి కేబుల్ దారి లేదు కదా? ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైల్ అయితే VLC బాగా పనికొస్తుంది. అది ఫైల్‌ని ముందే చదువుకుంటుంది కాబట్టి సౌండ్‌ని నిజంగానే ముందుకు జరపగలదు. `J` నొక్కిన ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, `K` నొక్కితే వెనక్కి. నా ఇయర్‌బడ్స్‌కి నాలుగు సార్లు `J` పడింది, అంటే -200. ఇంకో ఫైల్ తెరిస్తే 0కి వచ్చేస్తుంది, మళ్లీ నొక్కుకోవాలి.