కాడ మీద RB2140, బొమ్మలో మాత్రం వేరే మోడల్: ఫొటో చూసి కూలింగ్ గ్లాసెస్ గుర్తుపట్టడం ఎలా?

మొన్న మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపాడు. "అన్నా, రే-బాన్ వేఫేరర్, పోలరైజ్డ్. సెకండ్ హ్యాండ్‌లో 3,200 అంటున్నాడు. సగం అడ్వాన్స్ పంపేశా. ఒరిజినలేనా?" వాడు రోజూ నందిగామ నుంచి విజయవాడకి బైక్ మీద వెళ్లొస్తాడు. కాబట్టి ఇక్కడ ప్రశ్నలు రెండు. ఒకటి, ఆ ఫ్రేమ్ అమ్మేవాడు చెప్పిన మోడలేనా? రెండు, ఆ అద్దాలు రోజూ కళ్లకి పెట్టుకోదగ్గవేనా? మనలో చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటాం. కాదు. ఎందుకో చూద్దాం.

మొదట కాడ లోపల రాసింది చదవండి

కళ్లజోడు కాడ లోపలి వైపు మోడల్ నంబర్, రంగు కోడ్, సైజు ఉంటాయి. మావాడు పంపిన ఫొటోని జూమ్ చేస్తే ఇలా కనిపించింది:

```
RB2140  901  50□22  3P
```

RB2140 అంటే ఒరిజినల్ వేఫేరర్ మోడల్. 901 అంటే నల్ల ఫ్రేమ్, ఆకుపచ్చ G-15 అద్దం. 50 అంటే ఒక అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, 22 అంటే రెండు అద్దాల మధ్య ఉండే బ్రిడ్జ్ వెడల్పు. చివర్లో 3 అనేది ఫిల్టర్ కేటగిరీ, అంటే బయటి వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి వస్తుంది. దాని పక్కన N ఉంటే మామూలు అద్దం, P ఉంటే పోలరైజ్డ్.

ఇక్కడే మొదటి తేడా దొరికింది. ఈ మోడల్‌లో పోలరైజ్డ్ ఆకుపచ్చ అద్దానికి కోడ్ 901/58. ఒట్టి 901 అంటే పోలరైజ్డ్ కాదు. అలాంటప్పుడు పక్కన 3P ఎందుకు ఉంది? రెండు కోడ్‌లు ఒకదానికొకటి పొసగడం లేదు.

అయినా దీనితోనే తీర్పు చెప్పకూడదు. అక్షరాలు ఎవరైనా అచ్చు వేయగలరు. అసలు జత మీద ఉన్నదాన్ని తప్పు లేకుండా కాపీ కొట్టిన నకిలీలు కూడా ఉంటాయి. కాబట్టి కాడ మీద రాసింది రుజువు కాదు, అది అమ్మేవాడి మాట లాంటిది. ఆ మాట నిజమో కాదో ఫ్రేమ్ ఆకారం చెప్పాలి.

బ్రిడ్జ్ అబద్ధం చెప్పదు

ఎదురుగా తీసిన ఫొటోని ఏదైనా ఫొటో ఎడిటర్‌లో తెరిచి, అద్దం వెడల్పు ఎన్ని పిక్సెళ్లో, బ్రిడ్జ్ సన్నగా ఉన్నచోట ఎన్ని పిక్సెళ్లో కొలవండి. మనకి మిల్లీమీటర్లు అక్కర్లేదు, నిష్పత్తి చాలు. 50ని 22తో భాగిస్తే 2.27 వస్తుంది. అయితే అద్దం అంచు కొంచెం ఫ్రేమ్ గాడిలో దాక్కుంటుంది. అందుకే ఫొటోలో అద్దం కాస్త చిన్నగా, బ్రిడ్జ్ కాస్త పెద్దగా కనిపిస్తుంది. రెండు వైపులా అర మిల్లీమీటర్ చొప్పున పోయిందనుకుంటే 49ని 23తో భాగించాలి, అంటే 2.13. మొత్తానికి జవాబు ఈ రెండింటి మధ్య ఎక్కడో రావాలి.

మావాడి ఫొటోలో అద్దం 590 పిక్సెళ్లు, బ్రిడ్జ్ 220. నిష్పత్తి 2.68. ఇది చిన్న తేడా కాదు. న్యూ వేఫేరర్ అని RB2132 అనే ఇంకో మోడల్ ఉంది. దాని ఒక సైజు 52□18. అదే లెక్క ప్రకారం 51ని 19తో భాగిస్తే సరిగ్గా 2.68! అంటే న్యూ వేఫేరర్ ఆకారంలో చేసిన ఫ్రేమ్ మీద ఒరిజినల్ వేఫేరర్ నంబర్ కొట్టారన్నమాట.

పక్క నుంచి తీసిన ఫొటో కూడా అదే చెప్పింది. ఒరిజినల్ వేఫేరర్ ముందు భాగం బాగా వాలుగా ఉంటుంది, కింది అంచు చెంపల వైపుకి వస్తుంది. ఇందులో దాదాపు నిటారుగా ఉంది.

ఒక జాగ్రత్త: ఫొటో కొంచెం పక్కకి తిరిగి ఉన్నా ఈ లెక్క పనికిరాదు. రెండు అద్దాలనీ విడివిడిగా కొలవండి. రెండూ సమానంగా వస్తేనే ఆ ఫొటోని నమ్మండి.

కీలు లెక్కపెట్టండి

కాడలు సగం మడిచిన ఫొటో అడగండి. ఒరిజినల్ వేఫేరర్ కీలులో చిన్న లోహపు గొట్టపు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడి మొత్తం ఏడు ఉంటాయి. మావాడి ఫొటోలో మూడే. ఇది ఈ మోడల్‌కి సంబంధించిన లెక్క మాత్రమే సుమా. వేరే మోడళ్లలో కీలు వేరేలా ఉంటుంది. అందుకే ముందు మోడల్ తేల్చుకుని, తర్వాతే కీలు దగ్గరికి రావాలి.

కోడ్, బ్రిడ్జ్, కీలు: మూడూ మూడు రకాలుగా మాట్లాడుతున్నాయి. నకిలీ అని చెప్పేశాను. "అడ్వాన్స్ పోతుందన్నా" అని మావాడు మిగతా డబ్బు కూడా కట్టి తెచ్చుకున్నాడు! సరే, అద్దాలైనా ఎలా ఉన్నాయో చూద్దామని ఇంటికి రమ్మన్నాను.

అద్దం సంగతి చేతిలోకి వచ్చాకే తేలుతుంది

మొదట పోలరైజ్డ్ టెస్ట్. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ మీద తెల్ల పేజీ పెట్టి, అద్దం లోంచి చూస్తూ కళ్లజోడుని నెమ్మదిగా 180 డిగ్రీలు తిప్పాం. పోలరైజ్డ్ అయితే ఎక్కడో ఒక కోణంలో స్క్రీన్ బాగా నల్లబడాలి. ఏమీ మారలేదు. P అబద్ధం. దీనికి ఫోన్ వాడకండి. కూలింగ్ గ్లాసెస్‌తో కూడా కనిపించాలని కొన్ని ఫోన్ల స్క్రీన్ మీద అదనపు పొర వేస్తారు, అప్పుడు అసలు పోలరైజ్డ్ అద్దం కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది.

తర్వాత యూవీ. అద్దం ఎంత నల్లగా ఉన్నా యూవీ ఆపుతుందని గ్యారంటీ లేదు. పైగా నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి, యూవీ ఆపని నల్ల అద్దం అసలు లేనిదానికంటే ప్రమాదం. ఆప్టికల్ షాపులో యూవీ మీటర్ ఉంటే రెండు నిమిషాల పని. మేం అక్కడికే వెళ్లాం. ఆశ్చర్యం ఏంటంటే, ఈ నకిలీ అద్దం యూవీని దాదాపు మొత్తం ఆపేసింది. ఇందులో వింతేమీ లేదు. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్ స్వతహాగానే యూవీని ఆపుతుంది. నకిలీ బ్రాండ్ అయినంత మాత్రాన యూవీలో ఫెయిలవ్వాలని లేదు.

మరి ఓకేనా? కాదు. కళ్లజోడుని చేయి చాచి పట్టుకుని, ఒక అద్దం లోంచి తలుపు నిలువు అంచుని చూస్తూ పక్కలకి మెల్లగా జరపమన్నాను. పవర్ లేని మంచి అద్దంలో ఆ గీత నిటారుగానే ఉండాలి. ఇందులో అద్దం అంచు దగ్గరికి వచ్చేసరికి గీత పాములా వంకర తిరిగింది. రెండో అద్దంలో వంకర ఇంకో రకంగా ఉంది. అంటే రెండు కళ్లకీ రెండు రకాల రోడ్డు కనిపిస్తోంది. మావాడు అప్పుడు చెప్పాడు, రెండు రోజులుగా విజయవాడ చేరేసరికి నుదురు లాగేస్తోందని.

ఇప్పుడు వాడు ఆ జతని ఫొటోలకి మాత్రమే పెట్టుకుంటున్నాడు. బైక్ మీదకి ఆప్టికల్ షాపులో పేరు లేని మామూలు జత కొన్నాడు, కొనేముందు అక్కడి తలుపు అంచు మీద టెస్ట్ చేసి మరీ. మీరు కూడా అమ్మేవాడిని ముందే మూడు ఫొటోలు అడగండి: నేరుగా ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, సగం మడిచిన కీలు ఒకటి. అవి వచ్చాకే అడ్వాన్స్ సంగతి.