హోటల్‌కి ఇన్సూరెన్స్: క్లెయిమ్ ఎక్కడ ఆగిపోతుంది

లోను తీసుకుని హోటల్ పెట్టినవాళ్లకు పాలసీ ఎలాగూ ఉంటుంది, బ్యాంకే పట్టుబట్టి చేయిస్తుంది. కానీ బ్యాంకు చూసుకునేది తన అప్పు వరకే. మీ సొత్తు మొత్తానికి కవర్ ఉందా లేదా అన్నది మీరే చూసుకోవాలి.

పామర్రు హైవే మీద ఒక రెస్టారెంట్ ఉందనుకోండి. బిల్డింగ్ అద్దెది. ఇంటీరియర్, కిచెన్ సామాను, ఏసీలు, ఫ్రీజర్లు ఇవాళ కొత్తగా కొంటే అయ్యే ధర, స్టాకుతో కలిపి 40 లక్షలు. లోను 24 లక్షలు కాబట్టి పాలసీ కూడా 24 లక్షలకే చేయించారు. పొయ్యి పైన ఉండే చిమ్నీ డక్ట్‌లో పేరుకున్న నూనె జిడ్డు అంటుకుని 10 లక్షల నష్టం జరిగింది. పాలసీ 24 లక్షలు ఉంది, నష్టం 10 లక్షలే కదా, మొత్తం వస్తుందని ఓనరు లెక్క. సర్వేయర్ లెక్క అది కాదు. ఉన్న విలువలో 60 శాతానికే ఇన్సూరెన్స్ చేశారు కాబట్టి నష్టంలోనూ 60 శాతమే, అంటే 6 లక్షలే లెక్కగడతాడు. అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్ కూడా పోతుంది.

మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉండే వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న పాలసీ ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’. అందులో విలువ 15 శాతం దాకా తక్కువ చూపినా కోత పెట్టరు. మన ఉదాహరణలో 34 లక్షలకు చేయించి ఉంటే సరిపోయేది. అందుకే రెన్యువల్‌కి ముందు సామాను లిస్టు రాసి, ఇప్పటి కొటేషన్లు తెప్పించి, ఆ మొత్తానికే చేయించండి. పాత బిల్లుల్లోని ధరలు పనికిరావు.

ఈ పాలసీలోనే తుపాను, వరద కూడా ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత డెల్టాలో ఎవరూ ఆ కవర్ వదులుకోకూడదు. అయితే తుపానుకు రెండు రోజులు కరెంటు పోయి డీప్ ఫ్రీజర్‌లో రొయ్యలు పాడైతే, ఆ నష్టం మామూలు ఫైర్ పాలసీలో రాదు. స్టాకు చెడిపోవడానికి విడిగా కవర్ తీసుకోవాలి. షార్ట్ సర్క్యూట్‌లో కాలిన ఫ్రీజర్ కూడా రాదు. దాన్నుంచి మంట పాకి తగలబడిన మిగతా సామానుకు మాత్రం వస్తుంది. హోటల్ మూతపడిన రోజుల్లో పోయిన వ్యాపారం కూడా ఇందులో లేదు.

దొంగతనం దగ్గర చాలామంది పొరబడతారు. ఫైర్ పాలసీలో దొంగతనం కవర్ అంటే అగ్నిప్రమాదమో వరదో జరిగిన 7 రోజుల్లోపు పోయిన సామాను వరకే. మామూలు రోజుల దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరుగా కావాలి. అందులోనూ తాళమో షట్టరో పగలగొట్టిన ఆనవాలు కనపడాలి. బలప్రయోగం లేని దొంగతనం ఈ పాలసీ కిందికి రాదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. వెనక తలుపు గడియ వేయడం మరిచి స్టాకు పోతే క్లెయిమ్ నిలవదు. కౌంటర్ క్యాష్‌కి మనీ పాలసీ, మన స్టాఫే డబ్బు కాజేస్తే ఫిడెలిటీ గ్యారంటీ, రెండూ వేర్వేరు.

స్టాఫ్ విషయానికొస్తే, 10 మంది, ఆపైన ఉంటే ఈఎస్‌ఐ తప్పదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లు అందులోకి వస్తారు. మిగిలినవాళ్లకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని జీతాలు తక్కువ చూపడం, ముగ్గురు మాస్టర్లుంటే ఇద్దరినే రాయించడం మామూలే. మరిగే నూనె మీదపడి కాలినవాడు ఆ రాయని మూడోవాడే అయితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకూలీకి పిలిచే కేటరింగ్ కుర్రాళ్లను కూడా పాలసీలో రాయించారో లేదో చూసుకోండి. పరిహారం ఆలస్యం చేసినందుకు పడే పెనాల్టీని ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు.

చివరిది ఫుడ్ పాయిజనింగ్. కల్తీ తిండి వల్ల మనిషి చనిపోతే కనీసం 5 లక్షల పరిహారం ఇవ్వాలని 2006 నాటి ఆహార భద్రత చట్టం చెబుతోంది. దీనికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటే చాలదు, అందులో ‘ఫుడ్ అండ్ డ్రింక్ పాయిజనింగ్’ అని రాసి ఉందేమో చదవండి. పార్శిళ్లకు, బయట ఫంక్షన్లలో చేసే కేటరింగ్‌కు వర్తిస్తుందా అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. అధికారులు వేసే జరిమానాలు, తెలిసి వాడిన ఎక్స్‌పైరీ సరుకు వల్ల వచ్చే నష్టం ఏ పాలసీలోనూ రావు.

మన దగ్గర క్లెయిమ్ ఎక్కువగా చెడేది ఇంకోచోట. నలుగురికి వాంతులయ్యాయని బంధువులు హోటల్ ముందుకు వస్తారు. పరువు పోతుందన్న భయంతో ఓనరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తప్పు ఒప్పుకుని, ఇంత ఇస్తానని కాగితం రాస్తాడు. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, రాజీ పడకూడదు అన్నది లయబిలిటీ పాలసీల్లో ఉండే షరతు. ఆ కాగితమే చూపించి క్లెయిమ్ తిప్పికొడతారు. కాబట్టి ముందు జబ్బుపడినవాళ్లను ఆసుపత్రికి పంపండి. ఆ రోజు వండినవాటి శాంపిళ్లు, సరుకు కొన్న బిల్లులు, ఆర్డర్ బిల్లులు తీసి పక్కన పెట్టండి. అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి. డబ్బు సంగతి మాత్రం కంపెనీ జవాబు వచ్చాకే మాట్లాడండి.